షిఫ్టులు వారం వారం మారుతుంటే ఏఆర్‌వీ మాత్రకు ఒకే టైమ్ ఎలా నిలబెట్టుకోవాలి?

మూడుషిఫ్టులు

హెచ్‌ఐవీకి రెండేళ్లుగా రోజుకో మాత్ర వేసుకుంటున్నాను. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఉన్నదే. మొన్నటిదాకా పొద్దున షిఫ్టు ఒక్కటే ఉండేది. రాత్రి 9:30కి పడుకునే ముందు వేసుకునేవాణ్ణి, ఒక్కటీ తప్పలేదు.

నాలుగు నెలల నుంచి షిఫ్టులు వారానికొకటి మారుతున్నాయి. ఒక వారం పొద్దున 6 నుంచి 2, తర్వాతి వారం మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, ఆ తర్వాత రాత్రి 10 నుంచి పొద్దున 6. పోయిన నెల డబ్బాలో ఐదు మాత్రలు మిగిలాయి. లెక్క చూసుకున్నప్పుడు భయమేసింది.

అలారం మోగక కాదు. మోగుతుంది, ఆపుతాను, "ఈ పని కాగానే" అనుకుంటాను, అంతే. కొన్నిసార్లు వేసుకున్నానో లేదో కూడా గుర్తుండదు. అలారాన్ని నిద్రకు కట్టుకోవాలా, గడియారానికి కట్టుకోవాలా? రాత్రి షిఫ్టు వారంలో పొద్దున 8కి పడుకుంటాను, మరి "పడుకునే ముందు" అంటే అదేనా?

నిక్కచ్చి

గడియారానికే కట్టుకోండి, నిమిషం కూడా అటూ ఇటూ పోకూడదు. నేను ఆరేళ్లుగా సరిగ్గా 9:00కి వేసుకుంటున్నాను. గంట ఆలస్యమైనా వైరస్‌కి సందు దొరికి మందులు పనిచేయకుండా పోతాయని మొదట్లోనే చెప్పారు. నూటికి 95 మాత్రలు వేసుకోవాలి. నెలకు ఒకటి కంటే ఎక్కువ పోతే ఆ లెక్క తప్పినట్టే. మీవి ఐదు పోయాయి, చాలా సీరియస్.

పాతకాపు

నాది 2000ల నాటి మందు, ఎఫావిరెంజ్ ఉన్నది. పడుకునే ముందే వేసుకోవాలనేవారు, ఎందుకంటే వేసుకున్న రెండు మూడు గంటలకు తల తిరిగేది, రాత్రంతా విచిత్రమైన కలలు. అందుకే నాకు మాత్ర అంటే పడక, పడక అంటే మాత్ర. మందు డోలుటెగ్రావిర్‌కి మారాక కూడా అదే అలవాటు కొనసాగించాను. నాలుగు నెలలు నిద్ర పట్టలేదు. డాక్టరుకి చెబితే పొద్దునకి మార్చారు, వారంలో నిద్ర దారిలో పడింది. మందు మారినప్పుడు టైమ్ కూడా మార్చుకోవచ్చని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. తమ్ముడూ, నీకు రాత్రి వేసుకోవాలన్న నియమమేదీ లేదు. అది పాత మందు నుంచి మాలాంటివాళ్లకి వచ్చిన అలవాటు.

మందులగది

పదిహేనేళ్లుగా ఫార్మసీలో ఈ మందులే ఇస్తున్నాను. పాతకాపు గారు చెప్పింది నిజం. నిక్కచ్చి గారు చెప్పిందాంట్లో సగం సరిగ్గా ఉంది, మిగతా సగం వల్ల మనుషులు అనవసరంగా టెన్షన్ పడతారు, కాబట్టి ముందు అది చెప్తాను.

95 శాతం లెక్క 2000 ప్రాంతంలో వచ్చింది, అప్పటి మందుల మీద చూసింది. అవి ఒంట్లోంచి త్వరగా పోయేవి, కొన్నింటిని రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాల్సి వచ్చేది. డోలుటెగ్రావిర్ అలా కాదు. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 14 గంటలు పడుతుంది. 24 గంటలు గడిచేసరికి కూడా వైరస్‌ను ఆపడానికి కావలసినంత కంటే బాగా ఎక్కువే ఉంటుంది. టెనోఫోవిర్ కణాల లోపల ఇంకా చాలా రోజులు నిలుస్తుంది. అందుకని రెండు మూడు గంటల ఆలస్యం వల్ల మందు చెడిపోదు. వరసగా రోజులకు రోజులు పోవడం మాత్రం ప్రమాదం.

మూడుషిఫ్టులు గారూ, ఆ ఐదూ ఏ రోజుల్లో పోయాయో చెప్పగలరా? విడివిడిగానా, వరసగానా? ఏ షిఫ్టులో? అది తెలియకుండా అలారం మార్చడం వల్ల ఉపయోగం లేదు.

మూడుషిఫ్టులు

గుర్తున్నంతవరకు చెప్తాను. రాత్రి షిఫ్టు వారంలో మూడు. అందులో రెండు వరసగా, మంగళ, బుధ. 9కి ఇంట్లోంచి బయల్దేరతాను, 9:30కి బస్సులో ఉంటాను, అలారం ఆపేస్తాను, మాత్ర ఇంట్లోనే ఉండిపోతుంది. పొద్దున వచ్చాక వేసుకుందామనుకుని ఒళ్లు తెలియకుండా పడిపోతాను. మధ్యాహ్నం షిఫ్టులో ఒకటి, పనిలో ఉండగా అలారం మోగింది. ఇంకొకటి ఊరెళ్లినప్పుడు, డబ్బానే మర్చిపోయాను.

కొత్తగా

నేనూ రోజూ మాత్ర వేసుకుంటున్నాను, పన్నెండో రోజు. నాకు 28 రోజులే రాశారు. 28 రోజుల కోసం ఇంత ప్లానింగ్ అవసరమా? నాకు వాంతి వచ్చినట్టుంటుంది, అది తగ్గుతుందా?

మందులగది

కొత్తగా గారూ, మీది వేరే సంగతి. 28 రోజుల కోర్సు అంటే వైరస్ తగిలి ఉండవచ్చన్న అనుమానం మీద, అది పట్టుకోకుండా ఇచ్చేది. ఇక్కడ అడిగింది జీవితాంతం వేసుకునే చికిత్స గురించి. అయినా మీ 28 రోజుల్లో ఒక్కటీ పోకూడదు, ఇంకా జాగ్రత్తగా ఉండండి. వికారం మొదటి వారాల్లో చాలామందికి ఉంటుంది. తిన్న తర్వాత వేసుకుని చూడండి, మాత్ర వేసుకున్న కాసేపటికే నిజంగా వాంతి అయితే ఇచ్చిన చోటికి ఫోన్ చేసి మళ్లీ వేసుకోవాలా అని అడగండి.

మూడుషిఫ్టులు గారూ, ఇక మీ విషయం. మీ ఐదింటిలో నాలుగు పోయింది మతిమరుపు వల్ల కాదు. అలారం మోగిన క్షణంలో మాత్ర చేతికి అందే చోట లేదు, లేదా మీరు తీరికగా లేరు. పొద్దున షిఫ్టుకి సరిపోయిన 9:30, మిగతా రెండు వారాలకీ చెడ్డ టైమ్. నిద్రకు కట్టుకుంటే ఇంకా నష్టం, మీ నిద్ర వారం వారం గంటల కొద్దీ జరుగుతోంది. పడుకునే ముందు అనేది అన్నింటికంటే బలహీనమైన కొక్కెం, ఎందుకంటే అలసిపోయిన మనిషికి ఆ క్షణం రాకుండానే నిద్ర వచ్చేస్తుంది.

ఒక కాగితం మీద మూడు గీతలు గీయండి, ఒక్కో షిఫ్టుకి ఒకటి, ప్రతిదాని మీదా 24 గంటలు. మెలకువగా ఉండే గంటలు నింపండి. మీరు రాసినదాన్ని బట్టి నేను ఊహించింది ఇది, తప్పయితే సరిచేయండి. పొద్దున షిఫ్టు వారం 4:30కి లేచి రాత్రి 9:30కి పడుకుంటారు. మధ్యాహ్నం షిఫ్టు వారం పొద్దున 8కి లేచి రాత్రి ఒంటిగంటకి పడుకుంటారు. రాత్రి షిఫ్టు వారం పొద్దున 8కి పడుకుని మధ్యాహ్నం 2:30కి లేస్తారు. మూడింటిలోనూ మీరు మెలకువగా ఉండే సమయం మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 9:30 దాకా ఒక్కటే.

ఇప్పుడు ఆ ఏడు గంటల్లో ఎక్కువ వారాలు ఇంట్లో ఉండే గంట వెతకండి. రాత్రి 8 అనుకుందాం. పొద్దున షిఫ్టు వారంలో ఇంట్లో ఉంటారు. రాత్రి షిఫ్టు వారంలో కూడా ఇంట్లోనే, బయల్దేరడానికి గంట ముందు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో మాత్రమే పనిలో ఉంటారు, అంటే మూడు వారాల్లో ఒక్క వారం మాత్ర వెంట ఉండాలి. రోజూ ఒకే గంట కాబట్టి మాత్రకీ మాత్రకీ మధ్య 24 గంటలు అలాగే ఉంటుంది, షిఫ్టు మారినా మీ మాత్ర టైమ్ మారదు.

ఇంకొక మాట. వరసగా రెండు పోయాయి, నెలలో ఐదు పోయాయి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా మీ డాక్టరుకి చెప్పండి, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఒకసారి చూడమనండి. తిట్టడానికి కాదు, పెరిగి ఉంటే తొందరగా తెలియాలి.

సూట్‌కేస్

పని మీద తరచూ దేశాలు తిరుగుతాను. నా అనుభవం అలారం విషయంలో పనికొస్తుంది. ఫోన్ అలారం మీరు దిగిన చోటి టైమ్‌కి మోగుతుంది, ఇంటి టైమ్‌కి కాదు. ఇది నాకు రెండో ప్రయాణంలో తెలిసింది. 8 గంటలు వెనకున్న దేశానికి వెళ్లాను, రాత్రి 8కి అలారం పెట్టుకున్నాను, ఫోన్ అక్కడి 8కి మోగింది. అప్పటికి 32 గంటలు గడిచాయి.

ఇప్పుడు బయల్దేరే ముందే లెక్క వేసుకుంటాను. అక్కడ టైమ్ 8 గంటలు వెనక ఉంటే, ఇంటి రాత్రి 8 అక్కడ మధ్యాహ్నం 12. రెండు వారాల లోపు ప్రయాణమైతే మధ్యాహ్నం 12కే వేసుకుంటాను, ఇంటి లెక్క అలాగే ఉంచుతాను. 8 గంటలు ముందున్న చోటైతే ఇంటి 8 అక్కడ తెల్లవారుజాము 4, అది కుదరదు. అప్పుడు వెనక్కి జరగను, ముందుకే జరుపుతాను. అక్కడ రాత్రి 11కి వేసుకుంటే ఇంటి లెక్కలో అది మధ్యాహ్నం 3, మొదటి రోజు మధ్యలో 19 గంటలే. ఆ తర్వాత రోజూ అక్కడి 11. తిరిగి వచ్చిన రోజు ఇంటి 8కి వేసుకుంటే 29 గంటల విరామం వస్తుంది, నా డాక్టర్ పర్వాలేదన్నారు, కానీ నేను విమానంలోనే రెండు మూడు గంటలు ముందు వేసుకుని తగ్గించుకుంటాను.

మాత్రలన్నీ చేతిసంచిలోనే, చెక్ చేసిన సామానులో ఒక్కటీ పెట్టను. ప్రయాణం ఎన్ని రోజులో అన్నీ, పైగా వారం రోజులవి.

మందులగది

సూట్‌కేస్ గారి లెక్కతో ఏకీభవిస్తాను. దూరం పెంచడం కంటే ఒక్కసారి దగ్గర చేయడం మేలు. ఇది డోలుటెగ్రావిర్ ఉన్న ఈ మూడింటి మాత్రకి వర్తిస్తుంది. భోజనంతోనే వేసుకోవాల్సిన రిల్పివిరిన్ లాంటి మందు వాడేవాళ్లు వాళ్ల డాక్టరుతో విడిగా మాట్లాడాలి, అక్కడ టైమ్‌తోపాటు తిండి కూడా కుదరాలి.

నిక్కచ్చి

నేను భయపెట్టాలని రాయలేదు. మొదట్లో నాకు చెప్పిందే చెప్పాను. కానీ మందులగది గారూ, "రెండు మూడు గంటలు పర్వాలేదు" అంటే మనుషులు ఆరు, ఎనిమిది అని సాగదీస్తారు. నాకైతే ఖచ్చితమైన గంట ఉండటమే పనిచేసింది. ఒక గంట ఆలస్యానికి కూడా బాధపడటం వల్లే నా మాత్ర తప్పలేదు.

మందులగది

మీకు పనిచేసింది, దాన్ని కాదనను. నేను చూసిన చాలామందిలో మాత్రం జరిగింది వేరు. టైమ్ దాటిపోయిందని భయపడి "ఇక రేపే వేసుకుందాం" అని ఆ రోజుది పూర్తిగా వదిలేస్తారు. అది గంట ఆలస్యం కంటే ఎంతో నష్టం. అందుకే గుర్తొచ్చిన వెంటనే వేసుకోమంటాను. డోలుటెగ్రావిర్ విషయంలో తర్వాతి మాత్రకి 4 గంటల లోపే ఉంటే అది వదిలేసి, తర్వాతిది దాని టైమ్‌కి వేసుకోవాలి. రెండూ కలిపి వేసుకోకూడదు. మూడుషిఫ్టులు గారి టైమ్ రాత్రి 8 అయితే, మర్నాడు సాయంత్రం 4 దాకా నిన్నటిది వేసుకునే వీలుంది.

నిదానం

"వేసుకున్నానా లేదా" అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది, ఏడు గదుల మాత్రల పెట్టె. ఆదివారం నింపుతాను. ఆ రోజు గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, నిండుగా ఉంటే లేదు. జ్ఞాపకంతో పోట్లాడే పని ఉండదు. అలారం ఆపేసి తర్వాత వేసుకుందాం అనుకున్న రోజు, మన బుర్ర "వేసుకున్నాను" అని గట్టిగా చెప్తుంది. ఆ గది చూస్తేనే తెలుస్తుంది. నేను రెండు అలారాలు పెట్టాను. మొదటిది 8కి, వేసుకోవడానికి. రెండోది 9:15కి, గది చూడటానికి. రెండోది మోగినప్పుడు నేను చేసే పని ఒక్కటే, మూత తెరిచి చూడటం.

పాతకాపు

రెండో అలారం నాకు అచ్చిరాలేదు. పది రోజులకి రెండూ ఒకేలా వినిపించేవి, చెయ్యి దానంతటదే ఆపేసేది. ఎక్కువ మోగితే ఎక్కువ గుర్తుంటుందన్న నమ్మకం నాకు లేదు.

మందులగది

మీరన్నదానికి ఒక ఆధారం ఉంది. 2011లో కెన్యాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి రోజూ, కొందరికి వారానికొకసారి ఫోన్‌లో సందేశం పంపారు. 48 వారాల్లో వారానికొకసారి వచ్చినవాళ్లలో 53 శాతం మంది 90 శాతం పైగా మాత్రలు వేసుకున్నారు, ఏ సందేశమూ రానివాళ్లలో 40 శాతం. రోజూ సందేశం వచ్చినవాళ్లకి అలాంటి లాభం కనిపించలేదు. రోజూ వచ్చేది అలవాటైపోతుందని నాకనిపిస్తుంది. అందుకే రోజువారీ అలారంతోపాటు వారానికొకసారి డబ్బా లెక్క చూడమంటాను. నిదానం గారి ఆదివారం పెట్టె నింపడం అదే పని చేస్తోంది. నింపేటప్పుడు ఒక గదిలో మాత్ర మిగిలి ఉంటే, అది ఏ రోజు, అప్పుడు ఎక్కడున్నాను అని రెండు మాటలు రాసుకోండి.

అలారం పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ఫోన్‌లో ముందే ఉండే గడియారం అలారం వాడండి. సైలెంట్‌లో ఉన్నా అది సాధారణంగా మోగుతుంది. మాత్రల యాప్‌లు పంపే నోటిఫికేషన్‌లను బ్యాటరీ ఆదా కోసం ఫోనే ఆపేయవచ్చు, "డిస్టర్బ్ చేయవద్దు" సెట్టింగ్ కూడా ఆపుతుంది. ఒక రోజు ఫోన్‌ని నిజంగా సైలెంట్‌లో పెట్టి, అలారం మోగుతుందో లేదో పరీక్షించుకోండి.

అలసట

నాకు రక్తం తక్కువని ఐరన్, ఎముకలకి కాల్షియం రాశారు. అవి రాత్రి భోజనం అయ్యాక చాలాసేపటికి, 9కి వేసుకుంటాను. మాత్ర టైమ్ కూడా 8 అనుకుంటున్నాను. గంట తేడా ఉంది కదా, సరిపోతుందా?

మందులగది

సరిపోదు. ఐరన్, కాల్షియం కడుపులో డోలుటెగ్రావిర్‌ని పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వవు. మందు వాటికంటే 2 గంటలు ముందైనా ఉండాలి, లేదా 6 గంటలు తర్వాతైనా. ఇంకో దారి, మూడింటినీ ఒకే భోజనంతో కలిపి వేసుకోవడం, తిండి ఉంటే ఇబ్బంది ఉండదు. ఖాళీ కడుపున మాత్రం కలపకూడదు. కడుపు మంటకి వాడే యాంటాసిడ్‌లో మెగ్నీషియం, అల్యూమినియం ఉంటే వాటికి 2 గంటలు, 6 గంటల తేడానే ఉంది, భోజనంతో కూడా కలపకూడదు. ఇవి వేసుకుంటున్నారని మీ డాక్టరుకి తెలుసో లేదో చూడండి.

మూడుషిఫ్టులు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు గీసిన గీతలు నిజంగా గీశాను. ఊహించిన టైమ్‌లు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. రాత్రి 8 పెట్టుకున్నాను. 9:30 నుంచి 8కి రావడానికి ఏమీ చేయలేదు, ఒక రోజు గంటన్నర ముందు వేసుకున్నాను, అంతే. అలారానికి "నీళ్లు" అని పేరు పెట్టాను, పక్కన ఎవరైనా చూసినా ఇబ్బంది లేదు.

డాక్టరుకి చెప్పాను, వైరల్ లోడ్ తీశారు. లెక్కకు అందనంత తక్కువే ఉంది. గుండె తేలికపడింది.

మూడు వారాల్లో ఒకటి పోయింది. అది కూడా షిఫ్టు మారే ఆదివారం సెలవు రోజు. సాయంత్రం 6కి కునుకు తీశాను, ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌లో ఉంది. తెల్లవారుజామున 3కి లేచి మాత్రల పెట్టెలో గది నిండుగా ఉండటం చూసి వెంటనే వేసుకున్నాను. కాబట్టి పోయిందనాలా, ఆలస్యమనాలా?

నిదానం

ఆలస్యం. ఏడు గంటలు. ఆ తర్వాత 8కి వేసుకున్నారా?

మూడుషిఫ్టులు

వేసుకున్నాను, 17 గంటల తర్వాత.

ఇంకా తేలనిది మధ్యాహ్నం షిఫ్టు వారం. 8కి పనిలో ఉంటాను. లాకర్ గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, మాత్ర తీయగానే "ఏంటది" అంటారు. ఈ వారం ఎలాగో లాగాను, కానీ రోజూ టెన్షనే. ఆ వారం మాత్రం ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒంటిగంటకి వేసుకుంటే?

మందులగది

వేసుకోవచ్చు. ఆ వారం మొదటి రోజు 8కి బదులు ఒంటిగంటకి వేసుకుంటే మధ్యలో 17 గంటలు, ఇబ్బంది లేదు. కష్టం తిరిగి వచ్చేటప్పుడు. శనివారం ఒంటిగంటకి వేసుకుని ఆదివారం 8కి అంటే 31 గంటలు. ఒకేసారి కాకుండా ఆదివారం సాయంత్రం 4:30కి, సోమవారం 8కి వేసుకోండి. రెండుసార్లూ 28 గంటల లోపే ఉంటుంది. కానీ దీనివల్ల ప్రతి మూడు వారాలకు రెండుసార్లు టైమ్ జరుగుతుంది, జరిగే రోజే మీకు పోతోందని ఇప్పుడే చూశాం. నేనైతే 8నే ఉంచమంటాను.

సూట్‌కేస్

నాకు ఒంటిగంటే మంచిదనిపిస్తోంది. ఎవరైనా చూస్తారన్న భయం ఉన్నప్పుడు మనిషి వాయిదా వేస్తాడు, ఆ వాయిదాలోనే మాత్ర పోతుంది. నేను మీటింగుల మధ్య వేసుకోలేక ఎన్నోసార్లు ఆలస్యం చేశాను.

పాతకాపు

పొద్దునకి మార్చాక నేను పనిచోటే వేసుకునేవాణ్ణి. ఆ ఒక్క మాత్రనీ మామూలు విటమిన్ మాత్రలు వచ్చే చిన్న డబ్బాలో పెట్టి, కింద దూది వేసేవాణ్ణి, లేకపోతే నడుస్తుంటే గలగలమంటుంది. నీళ్ల సీసా ఎత్తినప్పుడే నోట్లో వేసుకుంటే ఎవరూ అడగరు. రోజుకొకటే పెట్టుకో, నెల మందు అందులో పోయకు. అసలు డబ్బాలో తేమ పీల్చే పొట్లం ఉంటుంది, దాన్ని తీయకు. వేసవిలో సంచిని ఆపి ఉన్న వాహనంలో వదలకు, వేడికి పాడవుతాయి.

మూడుషిఫ్టులు

దూది గురించి నాకు తట్టలేదు. వచ్చే మధ్యాహ్నం షిఫ్టు వారం 8తోనే ప్రయత్నిస్తాను, పాతకాపు గారి డబ్బాతో. కుదరకపోతే ఆ తర్వాతి సారి ఒంటిగంట చూస్తాను. ఆదివారం ఫోన్ మాత్రం మంచం పక్కనే ఉంటుంది, ఛార్జర్ ఇవాళే అక్కడికి మార్చాను.